టాప్‌అప్ వేసిన గంటకే 30 రూపాయలు మాయం

ప్రశ్న: మా నాన్నగారిది కీప్యాడ్ ఫోన్, ప్రీపెయిడ్ సిమ్. అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉంది. 50 రూపాయల టాప్‌అప్ వేయిస్తే 39.37 వచ్చింది. గంట తిరక్కుండానే 9.37 మిగిలింది. ఆయన ఎవరికీ ఫోన్ చేయలేదు. పోయిన నెలా ఇంతే. డబ్బు ఎక్కడికి పోతోంది? ఎలా ఆపాలి?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు 39.37 సంగతి. ఆ కోత సక్రమమే. 50 రూపాయల్లో కలిసి ఉన్న 18 శాతం జీఎస్టీ తీసేస్తే 42.37. అందులోంచి 3 రూపాయలు ప్రాసెసింగ్ ఫీజు. దాని గురించి ఎవరినీ అడగనక్కర్లేదు.

అడగాల్సింది ఆ తర్వాత పోయిన 30 గురించి. పోయిన మొత్తాన్ని చూస్తేనే సగం సంగతి తెలుస్తుంది. ఒక ఎస్సెమ్మెస్ వెళితే పోయేది రూపాయో, రూపాయిన్నరో. యూపీఐ యాప్ రిజిస్టర్ చేసేటప్పుడు బ్యాంకుకు వెళ్లే మెసేజ్‌కి సాధారణంగా 1.50 పడుతుంది. చిల్లర పైసలు లేకుండా ఒక్కసారే సరిగ్గా 30 పోయిందంటే, అది దాదాపు ఖాయంగా కాలర్ ట్యూనో, క్రికెట్, జ్యోతిషం లాంటి చందా సర్వీసో అయి ఉంటుంది.

మరి టాప్‌అప్ వేయగానే ఎందుకు పోయింది? ఈ డబ్బు ప్యాక్‌లోంచి కాదు, మెయిన్ బ్యాలెన్స్‌లోంచి పోతుంది. రెన్యువల్ తేదీ నాడు అందులో డబ్బు లేకపోతే సర్వీసు వెంటనే రద్దయిపోదు. బాకీగా ఉండి, సిస్టం మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటుంది. మీరు 50 వేయగానే దానికి దొరికింది. పూర్తి ధరకు సరిపడా లేకపోతే 10 రూపాయలో, 5 రూపాయలో తీసుకుని తక్కువ రోజులకు రెన్యువల్ చేసే సర్వీసులూ ఉన్నాయి. అందుకే కొందరికి చిల్లర చిల్లరగా పోతుంటుంది.

కీప్యాడ్ ఫోన్లో ఇవి మొదలయ్యే దారులు ముఖ్యంగా రెండు. తెరమీద దానంతటదే వచ్చే మెసేజ్‌ని పోగొట్టడానికి ఓకే నొక్కడం ఒకటి. అవతలివాళ్ల కాలర్ ట్యూన్ వినిపిస్తున్నప్పుడు * నొక్కడం రెండోది. అది ఆ పాటను కాపీ చేసుకునే మీట.

ఇప్పుడు నాన్నగారి ఫోన్ తీసుకోండి. డబ్బు పోయిన సమయానికి వచ్చిన మెసేజ్‌లు చూడండి. సర్వీసు పేరు, కోసిన మొత్తం, గడువు అందులో ఉండాలి. దాన్ని చెరిపేయకండి. తర్వాత కొత్త మెసేజ్‌లో ఇలా టైప్ చేసి 155223కి పంపండి:

```
STOP
```

ఇది ఉచితం, అన్ని కంపెనీలకూ ఇదే నంబర్. ఫోన్లో రెండు సిమ్‌లుంటే డబ్బు పోయిన సిమ్ నుంచే పంపాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. నడుస్తున్న సర్వీసుల జాబితా తిరిగి వస్తే, అందులో చెప్పినట్టు జవాబివ్వండి. మెసేజ్ కష్టమైతే అదే నంబర్‌కి కాల్ చేయవచ్చు. రద్దయినట్టు మెసేజ్ వచ్చేదాకా పని అయినట్టు కాదు.

వేరే ఫోన్ నుంచి ఆయనకు కాల్ చేసి చూడండి. రింగ్‌కి బదులు పాట వస్తే కాలర్ ట్యూన్ ఉన్నట్టే. కొన్నిచోట్ల పాటకు వేరు, నెలవారీ చందాకు వేరు డబ్బు. పాట మాత్రమే తీయిస్తే చందా కోత ఆగదు. రెండూ రద్దు చేయమనండి. మెనూలో కంపెనీ పేరుతో ఉండే సిమ్ సర్వీసుల్లోకి వెళ్లి, తెరమీదకు వచ్చే ప్రకటనల్ని ఆపేసే ఐచ్ఛికం ఉంటే ఆపేయండి.

పోయిన డబ్బు కోసం 198కి ఫోన్ చేయండి. ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే డాకెట్ నంబర్ తప్పకుండా రాసుకోండి. అక్కడ 'మీరే ఒప్పుకున్నారు' అంటారు. వెనక్కి తగ్గకండి. 2013 జులైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇలాంటి సర్వీసు మొదలుపెట్టే ముందు కస్టమర్ నుంచి రెండోసారి కూడా అంగీకారం తీసుకోవాలి. అది ఏ రోజు, ఏ సమయానికి, ఏ రూపంలో వచ్చిందో చూపించమనండి. పోయిన నెల లెక్క కూడా కావాలంటే, గత 6 నెలల్లోపు వాడకం వివరాలు ప్రీపెయిడ్ వాళ్లకూ ఇవ్వాలి. దానికి 50 రూపాయలకు మించి తీసుకోకూడదు. పరిష్కారం సరిగా లేదనిపిస్తే 30 రోజుల్లోపు ఆ కంపెనీ అప్పీలు అథారిటీకి వెళ్లవచ్చు. డాకెట్ నంబర్ అక్కడే అక్కరకొస్తుంది.

ఇదంతా అయ్యాక మళ్లీ 50 వేయించకండి. మిగిలిన 9.37ని అలాగే ఉంచి, వారం పదిరోజులు రోజూ ఒకసారి మెయిన్ బ్యాలెన్స్ చూడండి. పైసా కదలకపోతే మళ్లీ రెన్యువల్ పడాల్సిన తేదీ దాటేదాకా ఆగి, అప్పుడు టాప్‌అప్ వేయించండి. మళ్లీ 5 రూపాయలో, 7 రూపాయలో పోయిందంటే ఇంకో సర్వీసు మిగిలి ఉందన్నమాట. 155223కి మళ్లీ STOP పంపి జాబితా చూడండి.