ప్యానెల్స్ కింద పావురాలు, పైన కోతులు: పంజరం కోసం యాప్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: రెండేళ్ల కిందట లోన్ మీద మేడపైన ఎనిమిది సోలార్ ప్యానెల్స్ పెట్టించాం. కరెంటు బిల్లులో మిగిలేదంతా ఈఎంఐకే పోతోంది. ప్యానెల్స్ శ్లాబుకి జానెడు ఎత్తులో ఉన్నాయి. కింద పావురాలు గూళ్లు పెట్టాయి, ఉడతలు కేబుల్ కొరికాయి, కోతులు వేలాడే వైర్లు పీకుతున్నాయి. ఈమధ్య పొద్దున్నే ఇన్వర్టర్ ఎర్ర లైటు చూపిస్తుంది, మధ్యాహ్నానికి అదే సర్దుకుంటుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఇవ్వలేదు. మేడ మొత్తానికి ఇనుప పంజరం కట్టిస్తే పీడ వదులుతుందని ఫ్యాబ్రికేటర్ అంటున్నాడు. దానికి మా మూడు నెలల జీతం అవుతుంది. యాప్‌లో లోన్ రెడీగా ఉంది, నెలకు మూడు శాతం వడ్డీ, ఏడాదిలో తీర్చాలి. చేతిలో ఒక నెల ఖర్చుకి సరిపడా డబ్బుంది. తీసుకోమంటారా?
— ఒక పాఠకురాలు

జవాబు: వద్దు. ఆ లోనూ వద్దు, ఆ పంజరమూ వద్దు. కానీ అప్పు సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఇన్వర్టర్ ఆపించండి, ఈ రోజే.

మధ్యాహ్నానికి అదే సర్దుకుంటోందని మీరు ఊరట పడుతున్నారు. నాకు అక్కడే భయం వేసింది. ఇన్వర్టర్ రోజూ పని మొదలుపెట్టే ముందు ప్యానెల్ వైర్ల నుంచి భూమికి కరెంటు కారుతోందేమో చూసుకుంటుంది. కారుతుంటే స్క్రీన్ మీద PV Isolation Low అనో Isolation Fault అనో చూపించి మొండికేస్తుంది. ఉడత పైతొడుగు కొరికేసిన చోట రాత్రి మంచు తడి పట్టిందంటే పొద్దున్నే ఎర్ర లైటు వస్తుంది, ఎండకి ఆరిందంటే పోతుంది. తడి ఆరింది తప్ప గాయం మానలేదు. వాన పడిన రోజు లైటు ఇంకా ఎక్కువసేపు ఉంటోందేమో గుర్తు చేసుకోండి. అలా ఉంటే కేబుల్ మీదే అనుమానం.

ఎనిమిది ప్యానెల్స్ వరసగా కలిపితే, ఒక్కోటి సుమారు 40 వోల్టులు అనుకున్నా, ఆ వైర్లో 300 వోల్టుల పైనే ఉంటుంది. అది డీసీ. ఇంట్లో వాడే ఏసీ కరెంటు సెకనుకి ఎన్నోసార్లు సున్నాకి పడి లేస్తుంది కాబట్టి నిప్పురవ్వ పుట్టినా ఆరిపోయే అవకాశం ఉంది. డీసీకి ఆ సున్నా లేదు, ఒకసారి రవ్వ అంటుకుంటే అది మండుతూనే ఉంటుంది. దాని పక్కనే పావురాలు పోగేసిన ఎండు పుల్లలున్నాయి. ఆపేటప్పుడు ముందు ఏసీ వైపు స్విచ్, తర్వాత ప్యానెల్స్ నుంచి వచ్చే వైరుని విడదీసే డీసీ ఐసోలేటర్ స్విచ్. రెండూ ఆపినా ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్స్ నుంచి ఐసోలేటర్ దాకా వైర్లో వోల్టేజ్ ఉంటుంది. కాబట్టి పైకెక్కి మీరు గానీ, మీ ఇంటి పక్క ఎలక్ట్రీషియన్ గానీ దానికి నల్ల టేపు చుట్టవద్దు. సోలార్ పని తెలిసిన టెక్నీషియన్‌ని పిలిచి, వైరు తొడుగు కరెంటుని ఎంత ఆపుతోందో చెప్పే మెగ్గర్ మీటర్‌తో కొలిపించండి. మీలాంటి చిన్న సిస్టమ్‌కి ఒక మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే ఎక్కడో తొడుగు పోయినట్టే. కొరికిన ముక్క మధ్యలో అతకడం కాదు, కనెక్టర్ నుంచి కనెక్టర్ దాకా కొత్త కేబుల్ వేయాలి. కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి కావాలి. వేరువేరువి చూడటానికి సరిపోయినట్టే ఉంటాయి, కానీ లోపల వదులై వేడెక్కుతాయి.

ఇప్పుడు మీ ఉత్తరాన్ని నేను ఎంచుకున్న కారణానికి వస్తాను. సోలార్ పెట్టించుకున్న చాలామంది చేసే తప్పే మీరూ చేశారు. బిల్లులో మిగిలే ప్రతి పైసానీ ఈఎంఐలో పెట్టేశారు. ప్యానెల్స్ పాతికేళ్లు ఉంటాయన్న లెక్క సరే. కానీ వాటి కింద నీడ, వెచ్చదనం, దాక్కునే చోటు ఉన్నాయి. పక్షులు అక్కడ గూడు పెడతాయని ముందే తెలియాల్సింది. ఉడతకి ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అది ఏదో ఒకటి కొరికి అరగదీసుకోవాల్సిందే. ఇది అనుకోని ప్రమాదం కాదు, సొంత ఇంటికి రంగులు వేయించడం లాంటి ఖర్చు. దానికి డబ్బు ముందు నుంచీ పక్కన పెట్టాల్సింది.

సరే, ఇప్పుడేం జరుగుతుందో చూడండి. గూట్లో పిల్లలుంటే వాటిని లోపల పెట్టి జాలి మూసేయకూడదు. పావురం పిల్లలు ఎగిరిపోవడానికి నాలుగైదు వారాలు పడుతుంది. గుడ్లే ఉంటే ఇంకో రెండున్నర వారాలు కలుపుకోండి. పోనీ ముందే మూసేస్తే, లోపల చచ్చిన పక్షుల వాసన, పురుగులు ఒక గొడవ. చిక్కుకున్న ఉడత ఉంటే బయటపడటానికి ఇంకా కొరుకుతుంది. అంటే గూళ్లు ఖాళీ అయ్యేదాకా, ఒక నెల నుంచి దాదాపు రెండు నెలల దాకా, సిస్టమ్ ఆగి ఉండొచ్చు. ఆ నెలల్లో కరెంటు బిల్లు పూర్తిగా వస్తుంది, ఈఎంఐ ఆగదు. రెండు దెబ్బలూ ఒకే నెలలో. దీన్ని తట్టుకోవడానికే అత్యవసర నిధి. మీ దగ్గర ఒక నెల ఖర్చే ఉంది. నేను ఎవరికైనా ఆరు నెలలు చెబుతాను. మేడ మీద అప్పుతో కొన్న యంత్రం ఉన్నవాళ్లకి అందులో ఒక్క నెల కూడా తగ్గించను.

ఆ లోన్ లెక్క కూడా వేశాను. మూడు జీతాలంత అప్పు, తగ్గే బాకీ మీద నెలకు మూడు శాతం, పన్నెండు వాయిదాలు. ప్రతి నెలా మీ జీతంలో 30 శాతం దానికే పోతుంది. ఏడాది చివర మీరు కట్టిన వడ్డీ ఒక జీతంలో 60 శాతం దాటుతుంది. యాప్ వాళ్లు అసలు మొత్తం మీదే వడ్డీ వేస్తే వాయిదా 34 శాతం అవుతుంది, వడ్డీ ఒక జీతాన్ని దాటిపోతుంది. పాత ఈఎంఐ అలాగే ఉంది కదా? ఒక్క నిమిషంలో అప్పు దొరుకుతుందన్న తొందరకి ఇంత ధర కడతారా?

ఇంతా చేసి ఆ పంజరం మీకు నష్టమే చేస్తుంది. కడ్డీల నీడ ప్యానెల్ మీద గీతలుగా పడుతుంది. ఒక ప్యానెల్లో కొన్ని సెల్స్‌కి నీడ తగిలినా దాని ఉత్పత్తి బాగా పడిపోతుంది, ఈఎంఐ కట్టాల్సిన ఆదా అక్కడే కరుగుతుంది. శ్లాబు మీద బరువు, గాలివానకి దాని పట్టు ఎవరు లెక్క వేశారో కూడా అడగండి. ఫ్యాబ్రికేటర్‌కి వెల్డింగ్ వచ్చు, నీడ లెక్క రాదు.

మీకు కావలసింది ఇంతకంటే చాలా చిన్న పని. ప్యానెల్స్ అంచు నుంచి శ్లాబు దాకా చుట్టూ జాలి. అరంగుళం కన్నున్న వెల్డెడ్ జీఐ జాలి, పైన పీవీసీ పూత ఉంటే మేలు. ప్లాస్టిక్ వల వేస్తే ఉడతకి అదో ఆటవస్తువు. జాలిని ప్యానెల్ ఫ్రేముకి క్లిప్పులతోనే పట్టించాలి. డ్రిల్లు పెట్టి రంధ్రం వేస్తే వారంటీ మీద ఆశ వదులుకోవచ్చు. జాలి పై అంచు ప్యానెల్ గాజు కంటే పైకి లేవకూడదు, లేస్తే మళ్లీ నీడ. కింది అంచు శ్లాబుకి ఆని, కాస్త బయటికి వంగి ఉండాలి. కొందరు ఖర్చు తగ్గుతుందని ఇటుకలో, రేకో అడ్డం పెట్టేస్తారు. అప్పుడు కింద గాలి ఆడక ప్యానెల్ వేడెక్కుతుంది. సెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం దాకా ఉత్పత్తి తగ్గుతుంది. నాలుగేసి ప్యానెల్స్ రెండు వరసలైతే మొత్తం చుట్టుకొలత 27 మీటర్ల దగ్గర వస్తుంది, కొలిచి కొటేషన్ తీసుకోండి.

కోతులకి జాలితో పని జరగదు. వాటికి చేతులున్నాయి. వేలాడే ప్రతి వైరూ వాటికి ఊయల తాడే. జాలి లోపల కేబుల్స్‌ని రెయిలుకి స్టీల్ టైలతో బిగించండి, మామూలు ప్లాస్టిక్ టైలు ఎండకి రెండు మూడేళ్లలో పెళుసై తెగిపోతాయి. జాలి బయట ఇన్వర్టర్ దాకా వచ్చే భాగం జీఐ పైపులో ఉండాలి, పైపుని గోడకి దగ్గర దగ్గరగా క్లాంపులతో పట్టించాలి. మేడ మీద తిండి, మూత లేని నీళ్ల తొట్టి ఉంచకండి. గాజు మీద గంతులేస్తే లోపల సెల్స్ కంటికి కనబడకుండా చిట్లవచ్చు. దాన్ని పూర్తిగా ఆపే మార్గం జాలికీ లేదు, పైపుకీ లేదు, ఉందని చెప్పి అమ్మేవాణ్ని నమ్మకండి. ఉడతల దారి మాత్రం తగ్గించవచ్చు, మేడకి రెండు మూడు మీటర్ల దాకా కొమ్మలు కొట్టించండి.

ప్లాస్టిక్ గుడ్లగూబలు, మెరిసే రిబ్బన్లు, చెవికి వినబడని శబ్దం చేసే పెట్టెలు నాలుగు రోజుల ముచ్చట. నేను కూడా ఒకసారి రిబ్బన్ కట్టాను, వారానికి పావురం దాన్ని పీకి గూట్లో పెట్టుకుంది. కరెంటు కంచె గురించి ఎవరైనా చెబితే వినవద్దు.

డబ్బు వరస ఇలా పెట్టుకోండి. కేబుల్ మార్చడం, మెగ్గర్ పరీక్ష ఇప్పుడే, చేతిలో ఉన్నదాంట్లోంచి. గూళ్లు ఖాళీ అయ్యాక జాలి, ఆ తర్వాతి జీతంలో జీఐ పైపు. మొత్తం కలిపి అర నెల జీతం దాటితే ఇంకో ఇద్దరిని అడగండి. సిస్టమ్ మళ్లీ నడిచాక, బిల్లులో మిగిలేదాంట్లో పదో వంతు ఈఎంఐకి కాకుండా మేడ పేరుతో వేరే ఖాతాలోకి పోవాలి. తక్కువ పడిన ఈఎంఐని జీతంలోంచి కట్టండి. ఇది అత్యవసర నిధి కాదు, దాన్ని దీంతో కలపకండి. నిధి విడిగా నెలనెలా పెరగాలి, అది ఆరు నెలల ఖర్చుకి చేరేదాకా కొత్త సిప్‌లు, కొత్త వాయిదాలు ఏవీ వద్దు.

క్లెయిమ్ ఎందుకు రాలేదో పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి. ఎలుకలు, పక్షులు, ఉడతలు కొరికిన నష్టం చాలా పాలసీల్లో ఉండదు. ప్యానెల్ కంపెనీ వారంటీలోనూ జంతువులు చేసిన నష్టం సాధారణంగా రాదు. కానీ కొరికిన వైరు వల్ల నిప్పంటుకుని ఇల్లు కాలితే అది వేరే సంగతి, అగ్నిప్రమాద కవర్ అక్కడ పనికొస్తుంది. అయితే ప్యానెల్స్ విలువ బీమా మొత్తంలో కలిసి ఉండాలి. మీరు ప్యానెల్స్ పెట్టించినప్పుడు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలిపారా? లేకపోతే ఈ వారం తెలపండి. మార్చిన కేబుల్ బిల్లు, జాలి వేయకముందు, వేశాక తీసిన ఫొటోలు, మెగ్గర్ రీడింగ్ దాచుకోండి. లోపం తెలిసీ వాడారని రేపు ఎవరూ అనకుండా ఉంటుంది.

పని అయ్యాక మంచు పడిన ఓ నాలుగైదు రోజులు పొద్దున్నే ఇన్వర్టర్ దగ్గర నిలబడి చూడండి. ఎర్ర లైటు మళ్లీ కనిపిస్తే ఇంకో చోట కొరుకుడు మిగిలిపోయింది, టెక్నీషియన్‌కి చివరి వాయిదా ఇవ్వకుండా వెనక్కి పిలవండి.