ర్యాంకు 97 అంటే ఏది: మూడు ఫొటోలు చెప్పిన సంగతి

ప్రశ్న: సార్, మా అబ్బాయి జేఈఈ కార్డు, కులం సర్టిఫికెట్, కటాఫ్ పేపరు మూడూ ఫొటో తీసి పంపుతున్నాను. ర్యాంకు 97 వచ్చింది. బీసీ-డి. వరంగల్ ఎన్‌ఐటీలో కంప్యూటర్ సైన్స్ వస్తుందా, రాదా? త్వరగా చెప్పగలరు. – ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: మీరు రాసిన వాక్యాల కన్నా మీ ఫొటోలు ఎక్కువ మాట్లాడాయి. వాటిని పెద్దవి చేసి అక్షరం అక్షరం చదివాక, మీరు అడిగినదానికీ మీకు ఇప్పుడు తెలియాల్సినదానికీ చాలా దూరం ఉందని అర్థమైంది. నేను చూసిన వరుసలోనే చెబుతాను. మీరూ ఫొటోలు పక్కన పెట్టుకుని చూడండి.

ముందుగా ర్యాంకు. అది నిజంగా 97 అయితే మీరు నాకు ఉత్తరం రాసేవారు కాదు, మీ ఇంటి ముందు విలేకరులు ఉండేవారు. కార్డులో ఆ అంకె ఉన్న గడి మీద NTA Score అని ఉంది, అంకె 97.2. అది ర్యాంకు కాదు, మార్కులూ కాదు, పర్సంటైల్. పరీక్ష రాసినవారిలో నూటికి 97 మందికి పైగా మీ అబ్బాయితో సమానంగానో వెనకనో ఉన్నారని దానికి అర్థం. ముందున్నవారు నూటికి 2.8 మంది. 2025లో రెండు విడతలూ కలిపి పరీక్ష రాసిన విద్యార్థులు సుమారు 14.75 లక్షలు. అందులో 2.8 శాతం అంటే 41 వేల పైచిలుకు. మీ అబ్బాయి ఉమ్మడి ర్యాంకు ఆ చుట్టుపక్కల ఉండవచ్చు. ఇది అంచనా మాత్రమే. అసలు ర్యాంకు ఎందుకు చెప్పలేకపోతున్నానో అదే కార్డు మీద రాసి ఉంది.

కార్డు పైభాగంలో సన్న అక్షరాలతో Session 1 అని ఉంది చూడండి. అది జనవరి పరీక్ష కార్డు. దాని మీద పర్సంటైల్ తప్ప ర్యాంకు ఉండదు. ఏప్రిల్‌లో రెండో విడత ముగిశాక, రెండింటిలో మెరుగైన స్కోరు తీసుకుని ర్యాంకులు వేస్తారు. ఆ రెండో కార్డు మీద CRL అని ఉమ్మడి ర్యాంకు ఒక గడిలో, కేటగిరీ ర్యాంకు మరో గడిలో ఉంటాయి. మీ ఫొటో కింద కుడి మూలన పసుపు అంకెల్లో 05/06/2025 అని పడింది. అంటే మీరు ఫొటో తీసేనాటికి రెండో కార్డు వచ్చి చాలా రోజులైంది. మీకు దొరకలేదో, పాత కాగితమే చేతికి తగిలిందో గానీ సీటు సంగతి తేల్చే కాగితం మాత్రం ఇది కాదు. అబ్బాయి ఏప్రిల్‌లో మళ్లీ రాసి ఉంటే పర్సంటైల్ పెరిగి ఉండవచ్చు కూడా.

ఆ పసుపు తేదీ గురించి ఒక మాట. అది ఫొటో తీసిన రోజు, కాగితం పుట్టిన రోజు కాదు. పైగా ఫోనులో తేదీ తప్పుగా పెట్టి ఉంటే అదీ తప్పే. కొన్నేళ్ల కిందట ఒకమ్మాయి ధ్రువపత్రం ఫొటో మీద పాత సంవత్సరం చూసి ‘ఇది చెల్లదు, కొత్తది తీసుకో’ అని తిప్పి పంపాను. ఆ పిల్ల రెండు రోజులు మండల కార్యాలయం చుట్టూ తిరిగాక తెలిసింది, పాతది ఫోను గడియారమని, కాగితం ఆ నెలదేనని. అప్పటి నుంచి ఫొటో మీద పడిన తేదీని కాగితం లోపల అచ్చయిన తేదీతో పోల్చకుండా నోరు విప్పను. మీ విషయంలో ఆ తేదీని నమ్మడానికి కారణం ఉంది. మీ ఉత్తరం అందిన రోజూ అదే.

ఇక మీరు గమనించని వరుస. కార్డులో అబ్బాయి పేరు, కేటగిరీ ఉన్న చోటే State Code of Eligibility అని ఒకటి ఉంది. దాని ఎదురుగా తెలంగాణ లేదు, Andhra Pradesh అని ఉంది. మీరు ఖమ్మం జిల్లావారు కదా, పొరపాటేమోనని మొదట అనుకున్నాను. తర్వాత మీ మూడో ఫొటోలో కటాఫ్ కాగితం కింద సగం కనిపిస్తున్న ఫీజు రసీదు మీద విజయవాడ జూనియర్ కాలేజీ ముద్ర కంటపడింది. అబ్బాయి ఇంటర్ అక్కడే చదివినట్లయితే కార్డులో ఉన్నది సరైనదే. జేఈఈ విషయంలో సొంత రాష్ట్రమంటే పుట్టిన ఊరు కాదు, ఇల్లు ఉన్న ఊరూ కాదు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో అదే. రసీదు ముద్ర చూసి నేను ఊహించానంతే. ఇంటర్ మెమో తలకట్టు మీద ఏ రాష్ట్ర బోర్డు పేరుందో మీరే చూసి నిర్ధారించుకోండి.

మీ ప్రశ్న మొత్తం ఇక్కడ మలుపు తిరుగుతుంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఆ సంస్థ ఉన్న రాష్ట్రం వారికి, మిగిలిన సగం ఇతర రాష్ట్రాల వారికి. వరంగల్ మీ ఇంటికి దగ్గరే కావచ్చు, అబ్బాయి మాత్రం అక్కడ ఇతర రాష్ట్రాల వరుసలో నిలబడాలి. అతనికి సొంత రాష్ట్రపు సంస్థ తాడేపల్లిగూడెంలోని ఎన్‌ఐటీ ఆంధ్రప్రదేశ్. మీరు దాని పేరే ఎత్తలేదు.

ఇప్పుడు కటాఫ్ కాగితం. దాని మీద మీరు ఎర్ర పెన్నుతో ఒక అంకె చుట్టూ సున్నా చుట్టారు. నిజానికి మీకేం కావాలో ఆ సున్నాయే నాకు స్పష్టంగా చెప్పింది. ఆ వరుసను ఎడమ నుంచి కుడికి చదువుదాం. సంస్థ వరంగల్, కోర్సు కంప్యూటర్ సైన్స్. కోటా గడిలో HS, అంటే సొంత రాష్ట్రం. సీటు రకం OBC-NCL, అంటే క్రీమీ లేయర్ కిందకు రాని ఓబీసీలది. దాని పక్క గడిలో Female-only అని మొదలై బ్రాకెట్లో ఇంకేదో ఉంది. అది అమ్మాయిలకు ప్రత్యేకించిన సీటు. కాబట్టి మీరు సున్నా చుట్టిన అంకె మీ అబ్బాయికి రెండు విధాలా వర్తించదు. అతను చూడాల్సినది OS, అంటే ఇతర రాష్ట్రాలు అని, Gender-Neutral అని ఉన్న వరుస. అమ్మాయిల వరుసలో ముగింపు ర్యాంకు సాధారణంగా కొంచెం దూరం వరకు వెళుతుంది. మీకు ఆశ పుట్టింది బహుశా అక్కడే.

ఆ కాగితంలోనే మరో చిక్కు ఉంది. OBC-NCL వరుసల్లో కనిపించే ర్యాంకులు కేటగిరీ ర్యాంకులు, ఉమ్మడి ర్యాంకులు కావు. 41 వేల ఉమ్మడి ర్యాంకును తీసుకెళ్లి ఆ గడిలోని అంకెతో పోలిస్తే, పోలిక కుదరక అనవసరంగా బెంగపడతారు. ఓపెన్ వరుసలోని అంకెను కేటగిరీ ర్యాంకుతో పోలిస్తే అనవసరంగా సంబరపడతారు. రెండో రకం పొరపాటే ఎక్కువగా చూస్తుంటాను. కాగితం కింది అంచున Round 1 అని సగం తెగి కనిపిస్తోంది. సంవత్సరం ఉండాల్సిన తలకట్టును ఎవరో కత్తిరించేశారు. వాట్సాప్‌లో చేతులు మారే కటాఫ్ కాగితాలకు తలలు ఉండవు. ఏ ఏడాదిదో తెలియని కటాఫ్‌తో నేను లెక్క కట్టను, మీరూ కట్టవద్దు. ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే జోసా వెబ్‌సైటులో గత ఏడాది చివరి విడత అంకెలు ఉంటాయి, అవి చూడండి. మొదటి విడత కన్నా చివరి విడతలో ముగింపు ర్యాంకు సాధారణంగా ఇంకొంచెం దూరం వరకు వెళుతుంది.

అయినా సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. వరంగల్ కంప్యూటర్ సైన్స్ ఓపెన్ సీట్లు కొన్ని వేల ర్యాంకు లోపలే అయిపోతాయి, ఓబీసీ సీట్లూ అందుకు తగ్గట్టే. 97.2 పర్సంటైల్‌తో అది రాదు. ఏప్రిల్ కార్డులో 99 దాటి ఉన్నా నేను ఆచితూచే మాట్లాడతాను. తాడేపల్లిగూడెంలో సొంత రాష్ట్రం వరుసలో సివిల్, మెకానికల్, మెటలర్జీ, బయోటెక్నాలజీ వంటివి అందుబాటులోకి వస్తాయేమో కేటగిరీ ర్యాంకు చూశాకే చెప్పగలను.

కేటగిరీ ర్యాంకు పనికి రావాలంటే మీ రెండో ఫొటో సంగతి తేలాలి. అది మీసేవలో తీసుకున్న కుల, స్థానికత ధ్రువపత్రం. లోపల బీసీ-డి అని ఉంది, ఇచ్చిన తేదీ 2023. రాష్ట్ర కౌన్సెలింగ్‌కు అలాంటిది పనికొస్తుంది. జోసాకు కావాల్సినది కేంద్ర నమూనాలో ఇచ్చే ఓబీసీ-ఎన్‌సీఎల్ పత్రం. రెండింటినీ కంటితోనే వేరు చేయవచ్చు. కేంద్ర పత్రంలో భారత ప్రభుత్వం పేరు, క్రీమీ లేయర్ కిందకు రారన్న మాట తప్పకుండా ఉంటాయి. మీ పత్రంలో ఆ రెండూ కనిపించలేదు. పైగా అది ఈ ఏడాది, అంటే 2025 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చినదై ఉండాలి. కిందటి ఏడాది ఓబీసీ పత్రం ఇంట్లో ఉన్నా ఈసారికి చెల్లదు. మరొకటి, రాష్ట్రంలో బీసీ-డి అయినంత మాత్రాన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదు. మీ కులం పేరు తెలంగాణకు సంబంధించిన కేంద్ర జాబితాలో ఉందో లేదో విడిగా చూసుకోవాలి. జేఈఈ కార్డులో కేటగిరీ ఎదురుగా OBC-NCL అని అచ్చయింది నిజమే. అది దరఖాస్తులో మీరు నింపినది. ఎవరూ పరిశీలించి వేసింది కాదు. సీటు వచ్చాక పత్రం చూపలేకపోతే ఆ కేటగిరీ కింద సీటు నిలవదు.

అందుకే మీ ఉత్తరంలో త్వరగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న వరంగల్ గురించినది కాదని నా అభిప్రాయం. జోసాలో 2025 ఎంపికల నమోదు జూన్ 12తో ముగుస్తుంది. తహసీల్దారు కార్యాలయంలో పత్రం చేతికి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. రేపు ఉదయమే మీసేవకు వెళ్లి ‘కేంద్ర విద్యాసంస్థల కోసం ఓబీసీ’ అని స్పష్టంగా అడిగి దరఖాస్తు పెట్టండి. రసీదు మీద దరఖాస్తు పేరు చదివే బయటకు రండి. కుల ధ్రువపత్రం అని మాత్రమే ఉంటే మళ్లీ పాతదే ఇస్తారు.

మళ్లీ నాకు పంపాల్సినది ఒక్క ఫొటోనే. రెండో విడత కార్డులో పర్సంటైల్, రెండు ర్యాంకులు, కేటగిరీ, రాష్ట్రం ఉన్న భాగం. దరఖాస్తు సంఖ్య, పుట్టిన తేదీ ఉన్న చోట మాత్రం వేలు అడ్డం పెట్టి తీయండి. ఆ రెండూ ఎవరికి పడితే వారికి తెలియకూడదు. ఈసారి పంపిన ఫొటోలో అవి రెండూ అద్దంలా కనిపించాయి, ర్యాంకు గడే లేదు.