తలుపు తెరిచి కూడా కొలవండి

ప్రశ్న: "బెడ్‌రూమ్ తలుపు కింద అర అంగుళం సందు ఉంది. దుమ్ము, బొద్దింకలు, హాల్లో టీవీ చప్పుడు అన్నీ అక్కడి నుంచే వస్తున్నాయి. ఆన్‌లైన్‌లో దొరికే ఫోమ్ గొట్టాలు పనిచేస్తాయా? బెంగళూరులో ఎవరైనా వాడారా?"

వాడాను. రెండు నెలలు వాడి తీసి పారేశాను. మాది మారతహళ్లి వైపు ఫ్లాట్. నాది నైట్ షిఫ్ట్ ఉద్యోగం, పడుకునేది పగలు. పక్క సైట్‌లో రోజంతా గ్రానైట్ కోసేవాళ్లు. ఒంగోలు నుంచి వచ్చిన మా మామయ్య గారికి వినికిడి కొంచెం తక్కువ, అందుకని హాల్లో న్యూస్ పెద్ద సౌండ్‌తో నడిచేది. పెద్దాయనకు తగ్గించమని ఎలా చెప్తాను? ఆ సందు సంగతి చూసుకోవాల్సింది నేనే.

రెండు వైపులా గొట్టాలుండే ఆ ఫోమ్‌ను తలుపు కింద దూర్చాను. వారం రోజులు హాయిగా ఉంది. తర్వాత రోజూ తడిగుడ్డ పెట్టేటప్పుడు ఆ నీళ్లు ఫోమ్ పీల్చుకుని వాసన మొదలైంది. తీసి చూస్తే అడుగున జుట్టు, మట్టి కలిసి నల్లగా అట్టకట్టాయి. దాని బదులు తలుపుకు అతికించే సిలికాన్ పట్టీ తెచ్చాను. అది పది రోజులకే గడియ వైపు నుంచి ఊడి వేలాడింది. జిగురు మంచిది కాదనుకుని ఇంకోటి కొన్నాను. అదీ అంతే.

మదనపల్లి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక కార్పెంటర్‌ను పిలిస్తే, పట్టీని చూడకుండా ముందు ఒక మాట అడిగాడు: "సందు తలుపు మూసి కొలిచారా, తెరిచి కొలిచారా సార్?" మూసే కొలిచాను. అందరూ అదే చేస్తారు. ఆయన టేపు పెట్టి చూపించాడు. తలుపు మూసినప్పుడు బందుల వైపు 9 మిల్లీమీటర్లు, గడియ వైపు 14. అదే తలుపు సగం తెరిస్తే గడియ వైపు 8 మిల్లీమీటర్లే. గది మధ్యకు వచ్చేసరికి టైల్స్ ఎత్తుగా పరిచారు. అంటే మూసినప్పుడు 14 మిల్లీమీటర్ల సందును తాకేలా పట్టీ పెడితే, తెరిచిన ప్రతిసారీ అది 6 మిల్లీమీటర్లు వంగి నేలను రాసుకుంటూ పోవాలి. ఏ జిగురైనా ఎన్నాళ్లు ఆగుతుంది?

కాబట్టి మీరు ఏదైనా కొనే ముందు తలుపు మూసి ఒకసారి, సగం తెరిచి ఒకసారి, పూర్తిగా తెరిచి ఒకసారి, మూడు చోట్లా రెండు చివర్లూ కొలవండి. తేడా రెండు మూడు మిల్లీమీటర్లలో ఉంటే అల్యూమినియం పట్టెకు రబ్బరు బిగించి వచ్చేది తీసుకుని స్క్రూలతో బిగించండి, చాలు. బ్రష్ ఉన్నది దుమ్ముకు, పురుగులకు బాగానే ఉంటుంది కానీ చప్పుడును ఆపదు, ఆ వెంట్రుకల మధ్య నుంచి గాలి వెళ్తూనే ఉంటుంది.

మా ఇంట్లోలా తేడా ఎక్కువ ఉంటే మాత్రం దానంతట అదే కిందికి దిగే సీల్ ఒక్కటే మార్గం. తలుపు ఊడదీసి, కింది అంచులో గాడి తీసి అందులో బిగిస్తారు. బందుల వైపు ఒక చిన్న బొత్తాం బయటికి ఉంటుంది. తలుపు మూసేటప్పుడు అది ఫ్రేమ్‌కు తగిలి లోపలికి నొక్కుకుంటే రబ్బరు నేల మీదికి దిగుతుంది. తెరవగానే పైకి లేస్తుంది కాబట్టి నేలను రాసుకోదు. ఎంత దిగాలో ఆ బొత్తాన్ని తిప్పి సరిచేసుకోవచ్చు. ఫ్లష్ డోర్ అయితే కింది చెక్క పట్టెలో గాడికి సరిపడా ఎత్తుందో లేదో ముందే చూడమనండి. సీల్ పొడవు ఎక్కువైతే బొత్తాం లేని వైపు నుంచే, అదీ కొంతవరకే కోయాలి. సరిగ్గా దిగిందో లేదో తెలియాలంటే కింద ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. బిగువుగా రావాలి. ఒక చివర బిగువుగా, ఇంకో చివర జారిపోయేలా ఉంటే ఇంకా సరిచేయాలన్నమాట. ఫోమ్‌తో పోలిస్తే ఖరీదు చాలా ఎక్కువే. నేను మాత్రం ముందే ఇది పెట్టించుకుని ఉండాల్సింది అంటాను.

అసలు ఈ గొడవంతా గడప తీసేయడం వల్లే వచ్చింది. మా ఊళ్లో ప్రతి గదికీ గడప ఉండేది, తలుపు దానికి ఆనుకుని మూసుకునేది. ఇప్పుడు బిల్డర్లు పసుపు రాసుకోవడానికి వీధి గుమ్మానికి ఒకటి ఇచ్చి, లోపలి గదులకు మూడు వైపుల ఫ్రేమ్‌తో సరిపెడుతున్నారు. టైల్స్ పని అయ్యాక తలుపు పట్టకపోతే కింద రంపంతో కోసేస్తారు. ఎంత కోశారో కొనేవాళ్లలో ఎవరూ చూడరు.

సరే, చప్పుడు సంగతి. 90 సెంటీమీటర్ల తలుపు కింద 12 మిల్లీమీటర్ల సందు అంటే 108 చదరపు సెంటీమీటర్లు. తలుపు మధ్యలో అరచేయంత రంధ్రం ఉన్నట్టే. అది మూసేసరికి టీవీలో మాటలు, మిక్సీ కీచుమనే మోత బాగా తగ్గాయి. సైట్‌లో డ్రిల్లింగ్ దడదడ మాత్రం అలాగే ఉంది. అది గోడల్లోంచి, పలుచని తలుపులోంచి వస్తుంది, ఏ రబ్బరూ దాన్ని ఆపలేదు.

కింద మూసినా ఇంకా మాటలు వినిపిస్తుంటే రాత్రి గదిలో లైటు ఆర్పి, హాల్లో లైటు వేసి చూడండి. మాకు గడియ వైపు పై నుంచి కింది దాకా సన్నటి వెలుగు గీత కనిపించింది. అక్కడ ఫ్రేమ్‌కు ఫోమ్ టేపు అంటించాలి. ఎంత మందం కావాలో మా ఆవిడ కనిపెట్టింది. చపాతీ పిండి ముద్దను ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, తలుపు ఆనుకునే చోట పెట్టి గడియ పడేలా మూసింది. తీస్తే ముద్ద 3 మిల్లీమీటర్లకు అణిగింది. దానికంటే కొంచెం మందం ఉన్న మెత్తటి టేపు సరిపోయింది. నేను ముందు కొన్న మందపాటి టేపుకు గడియే పడలేదు.

దుమ్ము విషయంలో ఇంకొకటి. మీ గదికి అటాచ్డ్ బాత్రూమ్ ఉంటే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, తలుపు కింద వెలిగించిన అగరుబత్తి పెట్టి చూడండి. పొగ గదిలోకి వంగితే హాల్లో దుమ్మును లాగుతున్నది ఆ ఫ్యానే. మాది అదే. ఇప్పుడు బాత్రూమ్ తలుపు మూసి, దాని కిటికీ తెరిచి ఫ్యాన్ వేస్తున్నాం. బొద్దింకలు కూడా సగం ఆ బాత్రూమ్ నీళ్లు పోయే జాలీలోంచే వస్తాయి, తలుపొక్కటే మూస్తే పోవు.

ఆ బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే మాత్రం తలుపు సీల్ చేయకండి. గాలి అందకపోతే అది కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ముందు గీజర్‌ను బయటి బాల్కనీలోకి మార్పించండి, తర్వాతే సీల్.