టెక్ సందేహాలు: ‘దాన్ని తీసేయండి’... దేన్ని?

*పర్లాకిమిడిలో మొబైల్ రిపేరు షాపు మాది. కొత్త ఫోను కొన్నవాళ్ళకు వాట్సాప్ చాట్లు మార్చుకునే పద్ధతి తెలుగులో ఒక చీటీగా ప్రింటు తీసి ఇస్తున్నాం. మా అబ్బాయి దాన్నే ఒడియాలోకి కూడా మారుస్తాడు. రెండు భాషలవాళ్ళూ ఫోన్ చేసి ‘దాన్ని తీసేయమన్నారు, దేన్ని?’ అని అడుగుతున్నారు. చీటీ పంపిస్తున్నాను. ఎక్కడ తప్పుంది?*

మీ చీటీలో చిక్కు పెడుతున్న నాలుగు వాక్యాలు ఇవి:

“చాట్ బ్యాకప్ నొక్కండి. అది గూగుల్ ఖాతాలో చేరుతుంది. అయ్యాక దాన్ని తీసేసి కొత్త ఫోన్లో వేయండి. ఇది చేయకపోతే చాట్లు రావు.”

మూడో వాక్యంలో ‘దాన్ని’ అంటే మీ ఉద్దేశం సిమ్. కానీ ఆ మాట పైన ఎక్కడా లేదు. చదివేవారు వెనక్కి వెతికితే దొరికేవి రెండే, బ్యాకప్, గూగుల్ ఖాతా. మరీ దగ్గరగా ఉన్నది ఖాతా కాబట్టి పాత ఫోన్లో ఖాతానే తీసేస్తారు. బ్యాకప్ పూర్తయ్యాక అలా చేస్తే నష్టం లేదు, ఖాతాలో చేరిన కాపీ అక్కడే ఉంటుంది. కానీ బ్యాకప్‌నే తీసేయమన్నారనుకుని డిలీట్ చేస్తే కొత్త ఫోన్లో చాట్లు రావు. ఇక్కడ ‘దాన్ని’ని సవరించి లాభం లేదు, సిమ్ అన్న మాటే రాయాలి.

నాలుగో వాక్యంలో ‘ఇది’ తప్పు ఇంకో రకం. పైన వస్తువులతో పాటు పనులు కూడా ఉన్నాయి: బ్యాకప్ నొక్కడం, సిమ్ మార్చడం. ‘ఇది’ వీటిలో ఒకదాన్ని చూపిస్తోందా, అన్నిటినీ చూపిస్తోందా? ఇలాంటిచోట ‘ఈ’ తర్వాత ఒక పేరు పెట్టి చూడండి. ‘ఈ మార్పు’, ‘ఈ బ్యాకప్’, ‘ఈ రెండు పనులు’. ఏ పేరు పెట్టాలో మీకే తేలకపోతే, చెప్పాల్సిన విషయమే ఇంకా తేలలేదన్నమాట. నిజానికి చాట్లు తిరిగి రావాలంటే రెండు మారకుండా ఉండాలి, పాత నంబరు, పాత గూగుల్ ఖాతా. చీటీలో ఈ షరతే ‘ఇది’ వెనక దాక్కుంది.

ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి మార్చేవారి కోసం ఇలా తిరగరాయండి:

“పాత ఫోన్లో వాట్సాప్ తెరిచి Settings, Chats, Chat backup వరుసలో వెళ్ళి Back up నొక్కండి. బ్యాకప్ మీ గూగుల్ ఖాతాలో చేరుతుంది. బ్యాకప్ పూర్తయ్యాక పాత ఫోన్లోని సిమ్ తీసి కొత్త ఫోన్లో వేయండి. కొత్త ఫోన్లో అదే గూగుల్ ఖాతాతో సైన్ ఇన్ అయి, వాట్సాప్ ఇన్‌స్టాల్ చేసి, పాత నంబరే ఇవ్వండి. ఖాతా గానీ నంబరు గానీ మారితే పాత చాట్లు రావు.”

‘బ్యాకప్’ రెండుసార్లు వచ్చిందని మొహమాటపడకండి. కథలో విసుగేమో గానీ, వాడకం చీటీలో అదే మేలు. ‘అదే గూగుల్ ఖాతా’ అన్నచోట సర్వనామం ఉన్నా పక్కనే పేరుంది గనక తికమక లేదు.

మిగతా చీటీల్లో వెతకడానికి Ctrl+F సాయపడుతుంది. అది, ఇది, అదే, దాన్ని, దీన్ని, దాని, దీని... ఒక్కోటీ విడిగా వెతకండి. ‘దాని’ అని వెతికితే ‘దాన్ని’ దొరకదు, మధ్యలో వత్తు వచ్చి అక్షరాల వరుస మారిపోతుంది. ‘ఇదివరకు’ లాంటివి కూడా తగులుతాయి, వదిలేయండి. దొరికిన ప్రతిచోటా వెనకటి వాక్యంలో అతికే మాటలెన్నో లెక్కపెట్టండి. ఒకటే ఉంటే ముట్టుకోవద్దు. రెండుంటే పేరు రాయండి. ‘చాట్లు’, ‘బ్యాకప్’ రెండూ ఉన్నా ‘అవి’ అని రాస్తే చిక్కు లేదు, బహువచనం ఒక్క చాట్లకే అతుకుతుంది.

కానీ Ctrl+Fకి అసలు చిక్కనివి ఉన్నాయి. తెలుగులో కర్తనో కర్మనో మింగేసి ‘తీసేయండి’, ‘ఆన్ చేయండి’, ‘అయ్యాక’ అని వదిలేస్తాం. అక్కడ వెతకడానికి మాటే ఉండదు. మీ చీటీలో ‘అయ్యాక’ కూడా అలాంటిదే. ఏం అయ్యాక? ఖాతాలో చేరడమా, బటన్ నొక్కడమా? బటన్ నొక్కిన వెంటనే సిమ్ పీకితే, ఇంట్లో వైఫై లేనివాళ్ళకి నెట్ పోయి బ్యాకప్ సగంలోనే ఆగుతుంది. అందుకే ‘-అండి’, ‘-ఆక’తో వచ్చే ప్రతి క్రియనూ ‘దేన్ని?’, ‘ఏది?’ అని అడుగుతూ కళ్ళతోనే చదవాలి.

ఒడియా చీటీని సవరించిన తెలుగు నుంచే మళ్ళీ రాయించండి. పాతదాన్ని దిద్దితే లాభం లేదు, తెలుగులో రాయని సిమ్ ఒడియాలోనూ ఉండదు. తెలుగులో గూగుల్ ఖాతా అని రాసి, ఒడియాలో ఒకచోట ఐడీ, ఇంకోచోట మెయిల్ అంటే చదివేవాళ్ళు రెండు వేర్వేరు వస్తువులనుకుంటారు. రెండు చీటీల్లోనూ ఒక్క పేరే వాడమని అబ్బాయికి చెప్పండి.