వేలాడే తీగ లెక్కకు cosh ఒక్కటే చాలదు

ప్రశ్న: ఒకే ఎత్తున్న రెండు ఆధారాల మధ్య తన బరువుకే వేలాడే తీగ మధ్యలో ఎంత కిందికి దిగుతుందో చెప్పే సాగ్, తీగ పొడవు, ఆధారాల దగ్గర టెన్షన్ ఎలా కనుక్కోవాలి? cosh సమీకరణం దగ్గరే ఆగిపోతున్నాను.

అందరూ అక్కడే ఆగిపోతారు. కాలేజీల్లో cosh నేర్పి, తీగ ముందు నిలబడి సాగ్ కొలవడం ఎలాగో మాత్రం చెప్పరు. నేను హైటెన్షన్ లైన్ల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి అదే తీగతో చెబుతాను.

132 కేవీ లైన్లకు వాడే పాంథర్ కండక్టర్ బరువు w మీటరుకు 0.974 కిలోలు. టవర్ల మధ్య దూరం, అంటే స్పాను L 320 మీటర్లు, అడ్డంగా లాగే టెన్షన్ H 2,000 కిలోలు అనుకుందాం. తీగ తెగే బలంలో అది సుమారు 22 శాతం.

```
sag = w*L^2/(8*H)
S   = L + 8*sag^2/(3*L)
T   = H + w*sag
```

సాగ్ 6.23 మీటర్లు వస్తుంది. అసలు cosh పెట్టి చేసినా 6.24 లోపే, తేడా మూడు మిల్లీమీటర్లు. ఆధారం దగ్గర టెన్షన్ T 2,006 కిలోలు. అడుగున ఉన్న టెన్షన్ కంటే ఆరు కిలోలే ఎక్కువ కాబట్టి దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

అసలు చూడాల్సింది పొడవు. 320 మీటర్ల దూరానికి పట్టే తీగ S 320.32 మీటర్లు, అంటే అదనంగా ఉన్నది 32 సెంటీమీటర్లే. మరో 10 సెంటీమీటర్ల తీగ వదిలితే, సాగే గుణాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నా, సాగ్ 6.89 మీటర్లకు దిగుతుంది. పది సెంటీమీటర్లకు అరవై అయిదు! 32 డిగ్రీల దగ్గర బిగించిన తీగ వేడెక్కి 75 డిగ్రీలకు చేరితే 7.8 మీటర్లకు వస్తుంది. ఈ లైనుకు నేలకు 6.1 మీటర్ల ఎడం ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి టవరు ఎత్తు నిర్ణయించేది ఈ 7.8 మీటర్లే, పొద్దున్నే కొలిచిన సాగ్ కాదు.

ఒక లైనులో కండక్టర్ బిగిస్తున్నప్పుడు కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ టెన్షన్ కొలిచే డైనమోమీటర్ చూపించి, "రెండు వేలు వచ్చింది సార్, క్లాంపులు వేసేయమంటారా?" అన్నాడు. లాగే చోటికి చాలా టవర్ల అవతల ఉన్న స్పాను దగ్గరికి వెళ్లాను. టవరుకు కాస్త ఇవతల తీగ మీదుగా నూలు తాడు వేసి ఒక్కసారి గట్టిగా లాగి, స్టాప్‌వాచ్ నొక్కాను. ఆ కుదుపు తీగ వెంట అవతలి టవరుదాకా పోయి తిరిగి వస్తుంది. తాడును వదులుగా పట్టుకుంటే అరచేతిలో చిన్న తాకిడి తెలుస్తుంది. మూడోది తగిలేసరికి 14.2 సెకన్లయింది. మూడుతో భాగించి ఒక్క రాకపోకకు t తీసుకుంటే:

```
sag = 9.81*t^2/32
```

6.87 మీటర్లు వచ్చింది. ఉండాల్సింది 6.23, అంటే 13.5 సెకన్లు. ఈ సూత్రంలో స్పాను, బరువు, టెన్షన్ ఏవీ లేకపోవడమే నాకు నచ్చే విషయం. కుదుపు వేగం టెన్షన్ మీద, బరువు మీద ఆధారపడుతుంది, సాగ్ కూడా వాటి మీదే. రెండింటినీ కలిపితే అవి కొట్టుకుపోతాయి.

"మీటరు సరిగ్గానే ఉంది కదా సార్, మీ వాచీని నమ్మమంటారా?" అని అతడు ఎగిరాడు. మీటరు అబద్ధం చెప్పలేదు, తానున్న చోటి టెన్షనే చూపించింది. మధ్యలో ప్రతి టవరు మీదా తీగ పుల్లీ మీదుగా పోతుంది, ఆ ఘర్షణ ప్రతిచోటా కొంత తినేస్తుంది. అందుకే లాగే చోట రెండు వేలు ఉన్నా దూరపు స్పానుకు అంత చేరదు. పుల్లీలకు గ్రీజు పెట్టడానికి డబ్బులుండవు గానీ, మీటరు కేలిబ్రేషన్ పత్రం మాత్రం ఫైల్లో సిద్ధంగా ఉంటుంది! కాస్త ఎక్కువ లాగించి, నెమ్మదిగా వెనక్కి వదిలించాను. అలా చేస్తే ఘర్షణ దిశ మారి దూరపు స్పాన్లకూ టెన్షన్ సర్దుకుంటుంది. మళ్లీ కొలిస్తే 13.5 దగ్గరికి వచ్చింది. గాలి వీస్తున్నప్పుడు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, ఏ కుదుపు మీదో ఏది గాలిదో చేతికి తెలియదు.

ఇక మీ cosh సంగతి. సాగ్ స్పానులో పదో వంతుకు చేరితే అది తప్పదు. 320 మీటర్లకు 32 మీటర్ల సాగ్ కావాలనుకోండి. H/w ని c అనుకుని, మొదటి ఊహగా c = L²/(8*sag) = 400 తీసుకోండి. c*(cosh(L/(2*c)) - 1) లో పెడితే సాగ్ 32.43 వస్తుంది. కొంచెం ఎక్కువ కదా, అదే నిష్పత్తిలో c ని పెంచి 405.4 చేయండి. ఈసారి 31.99. ఆ c ని మీటరు బరువుతో గుణిస్తే H, c*cosh(L/(2*c)) ని గుణిస్తే ఆధారం దగ్గర టెన్షన్, 2*c*sinh(L/(2*c)) చేస్తే పొడవు.