టైరు ఖర్చు కిలోమీటరుకు ఎన్ని పైసలు?

"కారుకు నాలుగు టైర్లు మార్చాలి. కిలోమీటరుకు ఎంత పడుతుందో ఎలా లెక్కేసుకోవాలి? ఖరీదైన టైరే చివరికి చౌక అంటున్నారు, నిజమేనా?"

ఎక్కువ తిరిగే బండికి నిజం కావచ్చు, తక్కువ తిరిగేదానికి కాదు. లెక్క వేసి చూద్దాం.

టైరు 4,500, అది 40,000 కిలోమీటర్లు వస్తుందనుకోండి. బిగింపు 100, బ్యాలెన్సింగ్ బరువులతో కలిపి 150, కొత్త వాల్వు 50. నాలుగింటికి 19,200. అలైన్‌మెంట్ 600 కలిపితే 19,800. ఇక్కడితో ఆగిపోవడమే చాలామంది చేసే తప్పు. ప్రతి 10,000 కిలోమీటర్లకూ టైర్లు ముందువి వెనక్కి మార్చి, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చూపించాలి. దానికి 800 చొప్పున, 40,000 లోపు మూడుసార్లకు 2,400. పాత టైర్లకు షాపువాడిచ్చే 1,200 తీసేస్తే మొత్తం 21,000. దాన్ని 40,000తో భాగిస్తే కిలోమీటరుకు 52.5 పైసలు. నాలుగు టైర్లూ కలిసే తిరుగుతాయి కాబట్టి 1,60,000తో భాగించకూడదు.

ఇప్పుడు 5,700 టైరు, 50,000 వస్తుందనుకుందాం. మధ్యలో నాలుగుసార్లు సర్వీసు కలిపితే 26,600. కిలోమీటరుకు 53 పైసలు. అంటే రెండూ ఒకటే! అదే ఏడాదికి 8,000 మాత్రమే తిరిగే సొంత కారైతే, ఐదేళ్లకు 40,000 దగ్గరే రబ్బరు గట్టిపడి పక్కల పగుళ్లు మొదలవుతాయి. అప్పుడు మార్చేస్తే ఖరీదైన టైరు 64.5 పైసలు పడుతుంది. ట్యాక్సీకైతే ఈ వయసు బాధ లేదు, అరిగేదాకా వాడేస్తారు.

ఎన్ని కిలోమీటర్లు వస్తుందన్న అంకె షాపువాణ్ణి అడగొద్దు. కొత్త టైరు గాడి లోతు కొలిచి రాసుకోండి, కారు టైరుకు 8 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. 10,000 తర్వాత 6.5 ఉంటే అరిగింది 1.5. గాడిలో ఉండే అరుగుదల గుర్తు 1.6 మి.మీ. దగ్గర వస్తుంది కనుక వాడుకోదగ్గది 6.4. ఆ లెక్కన సుమారు 42,000 వస్తుంది. కానీ వానలో తడి రోడ్డు మీద పట్టు అంతకుముందే తగ్గిపోతుంది. 3 మి.మీ. దగ్గరే మార్చేవాళ్లకు 33,000 చిల్లరే, అంటే 63 పైసలు. నా మాట వింటే ఈ అంకెతోనే లెక్కేసుకోండి.

కొలత మూడుచోట్ల తీయాలి: లోపలి అంచు, మధ్య, బయటి అంచు. స్టీరింగు పూర్తిగా తిప్పితే గానీ లోపలి అంచు కనబడదు, అలైన్‌మెంట్ తప్పినప్పుడు ఎక్కువగా తినేసేది అక్కడే. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే ఎక్కువ. అలైన్‌మెంట్ 600 మిగుల్చుకోబోయి టైర్లు 20,000కే పోతే ఖర్చు దాదాపు రూపాయికి చేరుతుంది. షాపుల్లో నైట్రోజన్‌కు డబ్బులు గుంజడం మీద పడతారు గానీ, ఈ లోపలి అంచు చూపించేవాడు అరుదు.

ఇంకొకటి, డిస్కౌంటు టైరైతే పక్కన DOT కోడ్ చివరి నాలుగంకెలు చూడండి. 3223 అంటే 2023లో 32వ వారం తయారీ. రెండేళ్ల పాత సరుకైతే, 8,000 తిరిగే కారుకు 16,000 కిలోమీటర్లు ముందే పోయినట్టు లెక్కేసి బేరమాడండి.