24 గ్రాముల చైన్‌కు 50 వేల అప్పు ఎందుకు?

ప్రశ్న: సార్, నేను కూకట్‌పల్లిలో ఉంటాను. ప్రైవేటు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, నెల ఖర్చు 45 వేలు. 22 క్యారెట్ గ్రాము 12,000 లెక్కన మా ఆవిడకు 24 గ్రాముల చైన్ కొందామని 2.88 లక్షలు దాచాను. షాపులో తరుగు 14 శాతం అంటూ 3,38,223కి ఎస్టిమేట్ వేశారు. వచ్చే నెల మరదలి పెళ్లి. తక్కువైన 50 వేలు లోన్ యాప్‌లో తీసుకోనా, లేక 1.5 లక్షల ఎఫ్‌డీ తీసేయనా? చైన్ కూడా రేపు అవసరానికి ఆదుకునేదే కదా?

జవాబు: రెండూ వద్దు. చైన్ బరువు తగ్గించండి.

షాపువాళ్లు లెక్కలో తప్పేమీ చేయలేదు. బంగారం ధర 2,88,000. దాని మీద 14 శాతం తరుగు 40,320. రెండూ కలిపితే 3,28,320. ఈ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 9,849 రూపాయల 60 పైసలు. హాల్‌మార్క్‌కు వస్తువుకు 45 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 53 రూపాయల 10 పైసలు. అన్నీ కూడితే సరిగ్గా మీ చీటీలో ఉన్న అంకే. 14కు 3 కలిపి 17 శాతమే కదా అని ఇంట్లో లెక్క వేసుకునేవాళ్లకు ఇక్కడ మరో 1,200 రూపాయల దాకా తేడా వస్తుంది. ఎందుకంటే జీఎస్టీ బంగారం మీదే కాదు, తరుగు మీద కూడా పడుతుంది.

బోర్డు మీద రేటును బరువుతో గుణించి అంతే డబ్బు దాచుకోవడం నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసే పనే. మీరు వెనక నుంచి లెక్క వేయాల్సింది. 14 శాతం తరుగు, 3 శాతం జీఎస్టీ పడ్డాక గ్రాము మీకు 12,000 కాదు, 14,090 రూపాయలు. చేతిలోని 2.88 లక్షలను దాంతో భాగిస్తే 20.4 గ్రాములు వస్తుంది. షాపులోకి అడుగు పెట్టేటప్పుడు మనసులో ఉండాల్సిన బరువు అదీ. 24 గ్రాములు అనుకుని వెళ్లి, ట్రేలో ఆ చైన్ చూసి, ఇంట్లోవాళ్లు మెడలో వేసుకుని అద్దంలో చూసుకున్నాక మిగతా 50 వేలు ఎక్కడి నుంచైనా తెద్దాం అనిపిస్తుంది. అప్పు పుట్టేది అక్కడే.

ఇక బేరం ఆడాల్సింది తరుగు దగ్గర. ఆ రోజు రేటు, జీఎస్టీ మీ చేతిలోనూ లేవు, కౌంటర్‌లో అబ్బాయి చేతిలోనూ లేవు. తరుగు మాత్రం షాపువాళ్లు పెట్టుకున్నదే. నక్షీ పని, చేతి పని ఉన్న నగకు ఎక్కువ అడిగారంటే అర్థం ఉంది. మెషీన్ మీద తయారైన ప్లెయిన్ చైన్‌కు 14 శాతం నాకు ఎక్కువే అనిపిస్తోంది. గ్రాముకు ఎన్ని రూపాయలు అని అడగండి. 14 శాతం అంటే గ్రాముకు 1,680. బంగారం రేటు 6,000 ఉన్నప్పుడు అదే 14 శాతం 840 రూపాయలే అయ్యేది. రేటు పెరిగిందని చైన్ తయారీకి పట్టే పనేమీ రెట్టింపు కాలేదు కదా. మరో రెండు షాపుల్లో అదే రకం చైన్‌కు ఎస్టిమేట్ వేయించి, ఆ చీటీలు పట్టుకుని మళ్లీ వెళ్లండి. 9 శాతానికి దిగితే ఇదే 24 గ్రాముల మీద జీఎస్టీతో కలిపి 14,832 రూపాయలు మిగులుతాయి. ‘తరుగు తగ్గించాం’ అని చెప్పి, కింద వేరే లైనులో మజూరీ అని మళ్లీ వేశారేమో కూడా చూసుకోండి. రేటు గడిలో 24 క్యారెట్ ధర వేశారేమో చూడండి. అప్పుడు గ్రాముకు వెయ్యికి పైగా ఎక్కువ కడతారు.

‘బిల్లు లేకుండా తీసుకోండి, జీఎస్టీ మిగులుతుంది’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 9,850 రూపాయల కోసం స్వచ్ఛతకు, బరువుకు ఉన్న ఆధారాన్ని పోగొట్టుకోకండి. చైన్ మీద 22K916తో పాటు అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ కోడ్ ఉంటుంది. దాన్ని BIS Care యాప్‌లో కొట్టి చూశాకే డబ్బు కట్టండి.

ఇప్పుడు మీ చివరి ప్రశ్నకు వస్తాను. చైన్ అవసరానికి ఆదుకుంటుందన్నారు. 3.38 లక్షలు పెట్టి కొన్న చైన్‌ను మర్నాడే అమ్మబోతే, రేటు మారకపోయినా, షాపువాళ్లు ఒక్క రూపాయి కోత వేయకపోయినా వచ్చేది 2.88 లక్షలే. తరుగు, జీఎస్టీ తిరిగిరావు. కుదువ పెడితే బంగారం విలువలో 75 శాతం ఇచ్చారనుకున్నా 2.16 లక్షలు, అదీ వడ్డీకి. పైగా ఆ నగను అమ్మాలంటే ముందు ఇంట్లో ఒప్పించాలి. అర్ధరాత్రి ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టమంటే మెడలోని చైన్ తీసి కౌంటర్‌లో పెడతారా?

మీ ఎఫ్‌డీ 1.5 లక్షలు అంటే మీ ఇంటికి మూడు నెలల ఖర్చు, పైన కాస్త. ఉద్యోగం ప్రైవేటు, ఇద్దరు పిల్లలు. మీకు కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 2.7 లక్షలు పక్కన ఉండాలి. ఇప్పటికే 1.2 లక్షలు తక్కువగా ఉన్న చోట ఇంకో 50 వేలు తీస్తానంటున్నారు. వద్దు.

లోన్ యాప్ మాట మళ్లీ ఎత్తకండి. ‘నెలకు రెండున్నర శాతమే’ అని వాళ్లు చెప్పేది ఫ్లాట్ వడ్డీ అయితే 50 వేలకు ఏడాదిలో 15,000 వడ్డీ కడతారు. ప్రతి నెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 50 వేల మీదే వేస్తారు కాబట్టి నిజంగా పడే వడ్డీ రేటు ఏడాదికి 50 శాతం దాటుతుంది. మరదలి పెళ్లిలో ఒక పూట వేసుకునే చైన్ కోసం పన్నెండు నెలలు 5,417 చొప్పున కట్టడం ఏం లెక్క?

మీ స్థానంలో నేనైతే 16 గ్రాముల చైన్ తీసుకుంటాను. 9 శాతం తరుగుకు ఒప్పిస్తే జీఎస్టీ, హాల్‌మార్క్‌తో కలిపి 2,15,612 దాటదు. మిగిలిన 72 వేలు అదే రోజు ఎఫ్‌డీకి చేరిస్తే అది 2.22 లక్షలవుతుంది. దాదాపు ఐదు నెలల ఖర్చు చేతిలో ఉన్నట్టే.

ఇంట్లో వాడని పాత గొలుసు ఉంటే మార్పిడికి ఇవ్వొచ్చు, కానీ కరిగించాక ఎంత స్వచ్ఛత వచ్చిందో మీ ముందే చూపించమనండి. బంగారం మీద పెట్టుబడే కావాలనుకుంటే గోల్డ్ ఈటీఎఫ్ చూడండి, అందులో తరుగు ఉండదు. షాపుల నెలవారీ స్కీములకు మీ దగ్గర ఇప్పుడు టైం లేదు. అదీగాక అది బ్యాంకు డిపాజిట్ కాదు.

మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా ఊసే లేదు. కంపెనీ ఇచ్చిన పాలసీ ఒక్కటే ఉంటే, ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది. నలుగురికీ కలిపి సొంత పాలసీ లేకపోతే షాపుకు వెళ్లే ముందు ఆ ప్రీమియం ఎంతో కనుక్కోండి. 72 వేలలోంచి ముందు అది కట్టి, మిగిలిందే ఎఫ్‌డీలో వేయండి.